12 అంతస్తుల హోటల్‌కి మురుగు పైపు ఎంత, గాలి పైపు ఎంత? నాలుగు దారుల పోలిక

హోటల్ కట్టించేవాళ్లు ప్లంబింగ్ డ్రాయింగ్ చూడగానే దాదాపు అందరూ అనే మాట ఒకటుంది. “ఒక సైజు పెద్ద పైపే వేసేయండి, తర్వాత టెన్షన్ ఉండదు.” నిలువుగా దిగే మురుగు పైపు విషయంలో ఈ మాట సగమే నిజం. ఆ పైపులో నీళ్లకి కావలసిన చోటు తక్కువ, గాలికి కావలసిన చోటు ఎక్కువ. డబ్బు ఖర్చు పెట్టాల్సింది కూడా గాలి దారి మీదే. సైజు ఎంచుకునేటప్పుడు నేను చూసే లెక్కలు, నాలుగు రకాల ఏర్పాట్లలో ఏది ఎప్పుడు బాగుంటుందో ఒక ఉదాహరణ పట్టుకుని చెబుతాను.

హైదరాబాదులో ఒక మామూలు బిజినెస్ హోటల్ అనుకుందాం. కింద లాబీ, బాంక్వెట్ హాలు. వాటి మీద పైపులు అడ్డంగా తిప్పుకోవడానికి ఒక సర్వీస్ ఫ్లోరు. దాని మీద గదుల అంతస్తులు 12, ఒక్కో అంతస్తు ఎత్తు 3.3 మీటర్లు. రెండు గదుల బాత్‌రూములు వెనకా వెనకా ఆనుకుని ఉంటాయి, మధ్యలో షాఫ్టు. అంతస్తుకి 16 గదులు, అంటే 8 షాఫ్టులు. ప్రతి బాత్‌రూములో 6 లీటర్ల ఫ్లష్ ఉన్న కమోడ్, వాష్‌బేసిన్, షవర్. టబ్బులు లేవు. కిచెన్ మురుగు గ్రీజ్ ట్రాప్ గుండా వేరే లైనులో పోతుంది, లాండ్రీది ఇంకో లైను. ఆ రెండింటినీ గదుల స్టాకులో, అంటే నిలువు మురుగు పైపులో, ఎప్పుడూ కలపకూడదు కాబట్టి ఇక్కడ వాటి ఊసు లేదు.

## ముందు యూనిట్లు లెక్కేద్దాం

ఫిక్స్చర్ యూనిట్ అంటే లీటర్లు కాదు. కమోడ్, బేసిన్ లాంటి ఒక ఫిక్స్చర్ ఎంత జోరుగా నీళ్లు వదులుతుంది, ఎంతసేపు వదులుతుంది, ఎంత తరచుగా వాడతారు అన్న మూడింటినీ కలిపి ఇచ్చిన ఒక తూకం. అమెరికాలో నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో పనిచేసిన రాయ్ హంటర్ 1940లో అచ్చువేసిన పద్ధతి దీనికి పునాది. ఒక స్టాకు మీద 24 కమోడ్లు ఉంటే 24 మందీ ఒకే క్షణంలో ఫ్లష్ నొక్కరు, ఎంతమంది నొక్కే అవకాశముందో సంభావ్యతతో తేలుద్దాం అన్నది ఆయన ఆలోచన.

మన దగ్గర కన్సల్టెంట్లు నేషనల్ బిల్డింగ్ కోడ్, అంటే ఎన్‌బీసీ 2016లోని 9వ భాగంతో పాటు, అమెరికా యూనిఫాం ప్లంబింగ్ కోడ్ అయిన యూపీసీని మన దేశానికి తగ్గట్టు మార్చిన యూఐపీసీ-ఐ పుస్తకాన్ని చూస్తారు. విదేశీ హోటల్ బ్రాండ్ అయితే ఐపీసీ కూడా బల్ల మీదికి వస్తుంది. (ఇది శిక్షాస్మృతి కాదు, ఇంటర్నేషనల్ ప్లంబింగ్ కోడ్.) ఈ రెండు కుటుంబాల లెక్క ఒకేలా రాదు. అసలు తికమక అక్కడే మొదలవుతుంది.

హోటల్ కాబట్టి కమోడ్‌ని పబ్లిక్ కింద లెక్కేయాలని చాలామంది అనుకుంటారు. అది తప్పు. గది లోపలి బాత్‌రూము రెండు కోడ్‌ల ప్రకారమూ ప్రైవేటే. లాబీలో, బాంక్వెట్ పక్కన ఉన్నవి మాత్రమే పబ్లిక్. అందుకని గదిలో 6 లీటర్ల కమోడ్‌కి 3 యూనిట్లు, బేసిన్‌కి 1, షవర్‌కి 2, మొత్తం 6. ఐపీసీలో బాత్‌రూము మొత్తాన్ని ఒక గుంపుగా తీసుకునే వీలుంది. అప్పుడు 5 చాలు, ఎందుకంటే ఒక్క మనిషే అన్నీ ఒకేసారి వాడడు.

ఇంకో చోట కూడా లెక్క తప్పుతుంది. మన బాత్‌రూముల్లో షవర్ నీళ్లు నేలలో ఉండే నహానీ ట్రాప్ గుండానే పోతాయి. షవర్‌కి 2, ఫ్లోర్ ట్రాప్‌కి మళ్లీ 2 అని రెండుసార్లు రాసేస్తారు. అవి రెండూ ఒకే నీళ్లు, ఒకసారి రాస్తే చాలు.

అలా ఒక షాఫ్టుకి అంతస్తుకి రెండు బాత్‌రూములు, 12 అంతస్తులు. యూపీసీ లెక్కలో 6 × 2 × 12 = 144. ఐపీసీ లెక్కలో 5 × 2 × 12 = 120.

## ఒకే షాఫ్టు, రెండు జవాబులు

| చూసేది | యూపీసీ | ఐపీసీ |
|---|---|---|
| షాఫ్టు మొత్తం యూనిట్లు | 144 | 120 |
| 3 అంగుళాల నిలువు పైపు హద్దు | 48 | 72 |
| 4 అంగుళాల నిలువు పైపు హద్దు | 256 | 500 |
| కావలసిన గాలి పైపు | 4 అంగుళాలు | 3 అంగుళాలు, 61 మీటర్ల పొడవు దాకా |
| స్టాకుకీ గాలి పైపుకీ మధ్య కలిపే లింకు | పైనుంచి ప్రతి 5వ అంతస్తు | పైనుంచి ప్రతి 10వ అంతస్తు |

మురుగు పైపు విషయంలో గొడవ లేదు. 3 అంగుళాలు ఎవరి లెక్కలోనూ చాలదు, 4 అంగుళాలు ఇద్దరి లెక్కలోనూ హాయిగా సరిపోతుంది. షాపులో దొరికే 110 మిల్లీమీటర్ల యూపీవీసీ పైపు, టైప్ బి రకంలో, లోపల సుమారు 103 మిల్లీమీటర్లు ఉంటుంది. 4 అంగుళాలకి అది చక్కగా సరిపోయింది. ఇక్కడ 160కి వెళ్లాల్సిన అవసరం నీళ్ల పరంగా ఏమీ లేదు.

గాలి పైపు దగ్గరే దారులు చీలతాయి. యూపీసీలో గాలి పైపుని కూడా యూనిట్లతోనే తూస్తారు. 3 అంగుళాల గాలి పైపు 84 యూనిట్ల దాకా, 4 అంగుళాలది 256 దాకా. మనవి 144, కాబట్టి 4 అంగుళాలు. ఐపీసీ మాత్రం స్టాకు సైజు, యూనిట్లు, గాలి పైపు పొడవు మూడూ చూస్తుంది. 4 అంగుళాల స్టాకు మీద 140 యూనిట్ల దాకా ఉంటే 3 అంగుళాల గాలి పైపుని 200 అడుగులు, అంటే 61 మీటర్ల దాకా తీసుకెళ్లొచ్చు. మన గాలి పైపు అడుగు నుంచి టెర్రస్ దాకా సుమారు 42 మీటర్లు. అంటే 3 అంగుళాలు చాలినట్టే.

ఇక్కడే కాంట్రాక్టర్ “సార్, 3 అంగుళాలంటే 75 పైపే కదా” అంటాడు. కాదు. అమెరికా 3 అంగుళాల పైపు లోపలి కొలత సుమారు 78 మిల్లీమీటర్లు. మన 75 పైపుకి 75 అనేది బయటి కొలత. లోపల రకాన్ని బట్టి 69 నుంచి 71 దాకా ఉంటుంది. ఏడెనిమిది మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ ఒకే ఒత్తిడికి ఒకే గాలిని పంపాలంటే, పైపు పోగలిగే పొడవు వ్యాసానికి ఐదో ఘాతంలో మారుతుంది. ఆ లెక్క కట్టి చూస్తే 61 మీటర్ల హద్దు 33 నుంచి 38 మీటర్ల మధ్యకి పడిపోతుంది. మనకి కావలసింది 42. టేబుల్ చూసి పాసైన పైపు సైటులో ఫెయిలైంది. అందుకే ఐపీసీ మీద డిజైన్ చేసినా సరే, 12 అంతస్తుల షాఫ్టులో 75 గాలి పైపుకి నేను ఒప్పుకోను. 110 వేయమంటాను. ఆరేడు అంతస్తుల హోటల్ అయితే 75తో సరిపెట్టొచ్చు.

## గాలి గురించి ఇంత పట్టుదల ఎందుకంటే

12వ అంతస్తు నుంచి పడే నీళ్లు కిందికొచ్చేసరికి బాంబులా తగులుతాయని ఒక భయం ఉంది. దాని కోసం మధ్యలో వంకరలు పెట్టేవాళ్లని కూడా చూశాను. అది అనవసరం, పైగా హాని. నిలువు పైపులో నీళ్లు గోడకి అతుక్కుని గొట్టంలా జారతాయి, మధ్యలో గాలి ఉంటుంది. గోడ రాపిడి వల్ల వేగం ఒక దశలో ఆగిపోతుంది. 4 అంగుళాల పైపు దాని హద్దు దాకా నిండుగా ప్రవహిస్తున్నా ఆ వేగం సెకనుకి సుమారు 3.8 మీటర్లే. అది కూడా రెండున్నర మీటర్లు పడేలోపే వచ్చేస్తుంది. అంటే ఒక్క అంతస్తు దిగేసరికి రావలసిన వేగం వచ్చేసింది. ఆ తర్వాత 12 అంతస్తులైనా 40 అయినా అంతే.

ఆ “హద్దు” అంటే కూడా పైపు నిండడం కాదు. పైపు అడ్డుకోతలో 24 వంతుల్లో 7 వంతులే నీళ్లు, మిగతా 17 వంతులూ గాలికి. ఆ స్థితిలో 4 అంగుళాల పైపు మోసేది సెకనుకి సుమారు 9 లీటర్లు. అంతకంటే ఎక్కువ పోస్తే నీళ్లు మధ్యలో గడ్డలా కలిసిపోయి పిచికారీ ముషలంలా కిందికి దిగుతాయి. దాని వెనక గాలిని పీల్చేస్తాయి, ముందున్న గాలిని నెట్టేస్తాయి.

పీల్చినా నెట్టినా దెబ్బ తగిలేది ట్రాపులో నిలిచి వాసనని గదిలోకి రాకుండా ఆపే నీటి సీలుకే. ఆ సీలు లోతు మామూలుగా 50 మిల్లీమీటర్లు. అందుకే టేబుళ్లన్నీ పైపులో ఒత్తిడి తేడా 25 మిల్లీమీటర్ల నీటి మట్టం దాటకూడదన్న షరతు మీద తయారయ్యాయి. గాలి పైపు చేసే పని అదొక్కటే. పీల్చినప్పుడు గాలి అందించడం, నెట్టినప్పుడు గాలికి దారి ఇవ్వడం.

ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఎంత కష్టమవుతుందో ఒక్క టేబుల్ చూస్తే తెలుస్తుంది. వేరే గాలి పైపు లేకుండా ఒకే స్టాకు వేయడానికి ఐపీసీలో విడిగా ఒక పద్ధతి ఉంది. అందులో 4 అంగుళాల స్టాకు ఎత్తు 23 మీటర్ల లోపుంటే 225 యూనిట్లు మోయొచ్చు. 23 దాటి 49 మీటర్ల లోపుంటే అదే పైపు 24 యూనిట్లే. పైపు అదే, నీళ్లు అవే, ఎత్తు పెరిగినందుకు సామర్థ్యం తొమ్మిదో వంతుకి పడిపోయింది.

## నాలుగు దారులు

మొదటిది, ఒకే మురుగు పైపు, పక్కన గాలి పైపు. కమోడు, బేసిన్, షవర్ అన్నీ ఒకే 110 స్టాకులోకి. పక్కనే 110 గాలి పైపు కింది నుంచి టెర్రస్ దాకా. రెండింటినీ మధ్యలో కలిపే లింకులు, యూపీసీ ప్రకారం మన 12 అంతస్తుల్లో రెండు చోట్ల. ఈ లింకు వేయడంలో ఒక పద్ధతి ఉంది. మురుగు పైపు వైపు చివర ఆ అంతస్తు నుంచి వచ్చే బ్రాంచి పైపు కంటే కింద ‘వై’తో కలవాలి. గాలి పైపు వైపు చివర ఫ్లోరు నుంచి మీటరు పైన ఉండాలి. లేకపోతే కింద ఎక్కడైనా అడ్డం పడినప్పుడు మురుగు గాలి పైపులోకి ఎక్కి అక్కడే గడ్డకడుతుంది. తర్వాత దాన్ని శుభ్రం చేసే దారి కూడా ఉండదు.

ఈ ఏర్పాటుని యూరప్ పద్ధతిలో ఒకసారి తిరగేసి చూస్తాను. అక్కడ సూత్రం ఇది:

```
Q = K × √ΣDU
```

Q అంటే సెకనుకి లీటర్లు, DU ఒక్కో ఫిక్స్చర్‌కి ఇచ్చిన తూకం, K వాడకం రద్దీని బట్టి మారే అంకె. 6 లీటర్ల కమోడ్‌కి 2.0, బేసిన్‌కి 0.5, షవర్‌కి 0.6. బాత్‌రూముకి 3.1, 24 బాత్‌రూములకి 74.4. దాని వర్గమూలం 8.6. హోటల్‌కి K విలువ 0.7. వచ్చింది సెకనుకి 6 లీటర్లు. అదే కోడ్‌లో గాలి పైపు లేని 100 మిల్లీమీటర్ల స్టాకు ప్లెయిన్ టీతో 4 లీటర్లే మోస్తుంది, వంపు ఉన్న స్వెప్ట్ టీతో 5.2. రెండూ చాలవు. గాలి పైపు ఉంటే ప్లెయిన్ టీతో 5.6, ఇదీ చాలదు. స్వెప్ట్ టీతో 7.3, ఇది చాలుతుంది. అంటే టీ మార్చినంత మాత్రాన పాస్, ఫెయిల్ తారుమారయ్యాయి. యూనిట్ల టేబుల్ ఈ సంగతి చెప్పదు. సామాను జాబితా అయిన బీఓక్యూలో “టీ” అని మాత్రమే రాస్తే సైటుకి వచ్చేది చౌకగా దొరికే ప్లెయిన్ టీ. “స్వెప్ట్” అన్న మాట రాయడం మర్చిపోకండి.

రెండోది, టూ పైప్. కమోడ్లకి ఒక 110, బేసిన్లూ షవర్లూ కలిపి ఇంకో 110, రెండింటికీ ఉమ్మడిగా ఒక 110 గాలి పైపు. మన దగ్గర పాత అలవాటు ఇదే. యూనిట్లు సరిగ్గా సగం సగం అవుతాయి, అటు 72, ఇటు 72. వేస్టు నీళ్ల పైపుని 75 చేసి డబ్బు మిగల్చొచ్చు కదా అని అడుగుతారు. యూపీసీలో 3 అంగుళాలకి 48 హద్దు కాబట్టి కుదరదు. ఐపీసీలో 72కి 72, అంచు మీద నిలబడ్డట్టు. పైగా మన 75 నిజంగా 3 అంగుళాలు కాదని ఇందాకే చూశాం. కాబట్టి 110 వేయాల్సిందే.

ఒక పైపు అదనం, షాఫ్టు వెడల్పు అదనం. దానికి బదులు రెండు లాభాలు దక్కుతాయి. స్నానాల నీళ్లని వేరుగా శుద్ధి చేసి ఫ్లష్‌లకో కూలింగ్ టవర్‌కో వాడుకోవాలంటే ఇదొక్కటే దారి. రెండోది ఖాళీ గదుల విషయం. చాలా రోజులు ఎవరూ దిగని గదిలో నహానీ ట్రాప్ నీళ్లు ఆరిపోతాయి. ఒకే పైపు పద్ధతిలో అప్పుడు కమోడ్ల వాసనే నేరుగా గదిలోకొస్తుంది. టూ పైప్‌లో వచ్చేది సబ్బు నీళ్ల వాసన, అంత ఘాటు కాదు. ఒకే పైపు పెట్టుకుంటే బేసిన్ నీళ్లని నహానీ ట్రాప్‌లోకే కలపాలి. హౌస్‌కీపింగ్ మనిషి గది తుడిచినప్పుడు బేసిన్ కొళాయి ఒక నిమిషం తిప్పినా సీలు నిండుతుంది.

పెళ్లిళ్లు జరిగే హోటల్ అయితే నేను టూ పైప్ వైపే మొగ్గుతాను. హంటర్ లెక్కలో ముహూర్తాలు లేవు. తెల్లవారుజాము 4 గంటల ముహూర్తానికి మగపెళ్లివారు మొత్తం రెండున్నరకి లేచి ఒకేసారి స్నానాలకి దిగితే, ఆ అంతస్తుల్లో “అందరూ ఒకేసారి వాడరు” అన్న ఊహ నిలబడదు. యూరప్ సూత్రంలో K ని 0.7 బదులు రద్దీగా వాడే చోట్లకి ఇచ్చే 1.0 చేసి చూడండి. ఒకే పైపులో 8.6 లీటర్లు వస్తుంది, అది 7.3 దాటిపోయింది. టూ పైప్‌లో కమోడ్ల పైపుకి 6.9, స్నానాల పైపుకి 5.1. రెండూ లోపలే ఉన్నాయి.

మూడోది, గాలి పైపు లేకుండా ఒకే ఒక్క 160. ఓనర్లకి నచ్చేది ఇదే, చూడ్డానికి సింపుల్‌గా ఉంటుంది కాబట్టి. పైన చెప్పిన ఐపీసీ ప్రత్యేక పద్ధతిలో 6 అంగుళాల స్టాకు 23 నుంచి 49 మీటర్ల ఎత్తులో 480 యూనిట్లు మోస్తుంది. మనవి 120. కాగితం మీద పాసే. కానీ ఆ పద్ధతి దాని షరతులన్నిటితో కలిపి వాడాల్సింది. కమోడు స్టాకుకి దగ్గరగా ఉండాలి, మిగతావి కూడా కొద్ది దూరంలోనే కలవాలి, స్టాకులో వంకర ఉంటే దానికి విడిగా ఉన్న నియమాలు పాటించాలి. యూపీసీ కుటుంబపు మామూలు లెక్కతో డిజైన్ చేసే ప్రాజెక్టులో దీన్ని అరువు తెచ్చుకోవడం కుదరదు. ఒక కోడ్ నుంచి స్టాకు సైజు, ఇంకో కోడ్ నుంచి గాలి మినహాయింపు తెచ్చి కలిపితే ఏ కోడ్ కూడా మీ వెనక నిలబడదు. హోటళ్లలో ఇంకో చిక్కు ఏమిటంటే, గదుల అంతస్తు నుంచి కిందికొచ్చేసరికి కాలమ్స్ మారతాయి, లాబీ మధ్యలోకి పైపు దిగుతుంది, ఏదో ఒక వంకర తప్పదు. నేనైతే ఈ దారికి వెళ్లను.

నాలుగోది, ప్రతి అంతస్తులో ప్రత్యేక ఏరేటర్ ఫిట్టింగ్ ఉన్న ఒకే స్టాకు. 1959లో స్విట్జర్లాండ్‌లో ఫ్రిట్జ్ సోమర్ కనిపెట్టిన సోవెంట్ పద్ధతి ఇది. బ్రాంచి నీళ్లు స్టాకులో కలిసే చోట ఆ ఫిట్టింగ్ రెండింటినీ విడగొట్టి, మధ్యలో గాలి దారి తెగకుండా చూస్తుంది. గాలి పైపు ఖర్చు మిగులుతుంది, షాఫ్టు సన్నబడుతుంది. దీన్ని మాత్రం యూనిట్ల టేబుల్‌తో సైజు చేయకూడదు, తయారీదారు లెక్కే ప్రమాణం. ఫిట్టింగ్ ఖరీదు ఎక్కువ. రేపు ఒకటి పగిలితే పక్క షాపులో దొరికేది కాదు. మన 12 అంతస్తులకి నేను ఇది చెప్పను. పాతిక, ముప్పై అంతస్తుల టవర్ అయినా, పాత బిల్డింగుని హోటల్‌గా మారుస్తూ షాఫ్టులో రెండు పైపులు పట్టకపోయినా అప్పుడు ఆలోచిస్తాను.

కాబట్టి ఈ హోటల్‌కి నా ఓటు మొదటిదానికి, 110 స్టాకు పక్కన 110 గాలి పైపు, స్వెప్ట్ టీలతో. నీళ్లు తిరిగి వాడే ప్లాంటు ఉన్నా, పెళ్లి బుకింగులే ప్రధాన ఆదాయమైనా రెండోది.

## స్టాకు అడుగున

పైపు పెద్దది చేయాల్సిన చోటు ఏదైనా ఉందంటే అది ఇక్కడే. నిలువుగా 3.8 మీటర్ల వేగంతో వచ్చిన నీళ్లు అడ్డంగా తిరిగేసరికి ఒక్కసారిగా నెమ్మదిస్తాయి, మట్టం లేచి పైపు కప్పుని తాకుతుంది. గాలి అక్కడ చిక్కుకుని వెనక్కి తంతుంది. షాంపూ, సబ్బు నురగ ఉంటే ఇంకా ఘోరం. నురగకి గాలికంటే పెద్ద దారి కావాలి. అందుకే నేను ఆ బెండుని 110 నుంచి 160కి పెంచి, ఒకే 90 డిగ్రీల బెండు బదులు రెండు 45లు పెడతాను.

గదుల్లో అన్నిటికంటే కింది అంతస్తుని మాత్రం ఈ స్టాకులో కలపను. దాని బాత్‌రూములు రెండింటికీ విడిగా ఒక లైను తీసి, స్టాకు తిరిగిన చోటు నుంచి కనీసం 2.4 మీటర్లు దాటాక అడ్డ లైనులో కలుపుతాను. ఆ లైనుకి దాని సొంత గాలి దారి ఉండాలి. నురగ వచ్చే స్టాకు మలుపు దగ్గర ఏదీ కలపకూడదని యూపీసీ చెప్పే దూరం కూడా అదే, 8 అడుగులు. గాలి పైపు అడుగు చివర కూడా స్టాకు మీది అన్నిటికంటే కింది బ్రాంచి కంటే కిందే కలవాలి. పైన కలిపితే అసలు ఒత్తిడి పుట్టే చోటికి గాలి పైపు చేరనట్టే.

## సర్వీస్ ఫ్లోరులో అడ్డ లైను

8 షాఫ్టులు, షాఫ్టుకి 144, మొత్తం 1152 యూనిట్లు. అన్నిటినీ ఒకే లైనులో పోగుచేయాలంటే 6 అంగుళాలు చాలవు. యూపీసీలో 2 శాతం స్లోపు మీద దాని హద్దు 720. కాబట్టి 8 అంగుళాలు, అంటే 200 పైపు. లేదా నాలుగేసి షాఫ్టులకి ఒకటి చొప్పున రెండు 160 లైన్లు, ఒక్కోదాని మీద 576.

1 శాతం స్లోపు మీద యూపీసీ ఆ 720ని 0.8తో గుణించమంటుంది. వచ్చేది సరిగ్గా 576. మనవీ 576. ఒక్క యూనిట్ కూడా ఖాళీ లేదు. రేపు సర్వీస్ ఫ్లోరులో స్టాఫ్ టాయిలెట్ ఒకటి కావాలంటే కలపడానికి వీల్లేదు. అందుకే రెండు 160లు వేసేటప్పుడు 2 శాతం స్లోపు అడుగుతాను. 30 మీటర్ల లైనుకి 600 మిల్లీమీటర్ల దిగుడు పడుతుంది, అదే 1 శాతానికి 300 చాలు. ఆ తేడా 300 మిల్లీమీటర్ల కోసం ఏసీ డక్టుల వాళ్లతో గొడవ ఖాయం. డ్రాయింగు దశలోనే తేల్చుకోండి.

ఎత్తు నిజంగా లేకపోతే 200 ఒక్కటీ 1 శాతం మీద వేసుకోవచ్చు, హద్దు 2112 ఉంటుంది. కానీ 6 లీటర్ల ఫ్లష్‌ల కాలంలో పెద్ద పైపుకి ఇంకో జబ్బు ఉంది. ఆఫ్ సీజన్‌లో సగం గదులు ఖాళీగా ఉంటే 200 పైపు అడుగున నీళ్లు పల్చగా పాకుతాయి. గట్టి పదార్థం ముందుకి కదలక అక్కడే ఆగిపోతుంది. పెద్దది వేస్తే టెన్షన్ ఉండదనే మాట బొత్తిగా చెల్లనిది ఇక్కడే. రెండు లైన్ల ఏర్పాటులో ఒకటి మూసుకున్నా సగం హోటల్ నడుస్తుంది. ఆ ఒక్క కారణం చాలు నాకు. ప్రతి మలుపులోనూ డోర్ ఉన్న ఫిట్టింగ్ పెట్టి, దాని కింద ఫాల్స్ సీలింగ్‌లో తెరుచుకునే పలక ఉంచమనండి.

## తప్పు జరిగితే ఎలా తెలుస్తుంది

పైగదిలో ఫ్లష్ చేస్తే కింది గది నహానీ ట్రాప్‌లో గుడగుడమంటే గాలి అందడం లేదని. కమోడులో నీళ్లు వాటంతట అవి పైకీ కిందికీ ఊగితే అదే రోగం. పై అంతస్తుల్లో సీలు పీల్చుకుపోతుంది, కింది అంతస్తుల్లో నురగో బుడగలో పైకి తన్నుకొస్తాయి. ఏ అంతస్తులో ఏది కనిపిస్తుందో రాసుకుంటే లోపం పైన ఉందో అడుగున ఉందో సగం తేలిపోతుంది.

గదులు అప్పజెప్పే ముందు నేను చేయించే పరీక్ష ఒకటి ఉంది. ఒక షాఫ్టు మీద ట్రాపులన్నీ నింపి, పై రెండు అంతస్తుల్లో నాలుగు కమోడ్లూ ఫోన్‌లో “ఒకటి, రెండు, మూడు” అనుకుని ఒకేసారి ఫ్లష్ చేయిస్తాను. తర్వాత మధ్య అంతస్తుల్లో నహానీ ట్రాప్‌లోకి స్కేలు దించి సీలు ఎంత తగ్గిందో కొలుస్తాం. 25 మిల్లీమీటర్లకు మించి తగ్గితే టైల్స్ వాళ్లని ఆపేసి ముందు గాలి దారి వెతకాలి.

ఒక హోటల్ నుంచి ఇలాగే ఫోన్ వచ్చింది. రెండేళ్లు బాగా నడిచి, ఒక వైపు గదులన్నిటిలో ఉన్నట్టుండి పొద్దున పూట వాసన మొదలైంది. యూనిట్ల లెక్క తిరగేశాను, తప్పు లేదు. గాలి పైపు 110 ఉంది, లింకులు ఉన్నాయి. మూడు రోజులు షాఫ్టుల్లో తిరిగాక టెర్రస్ ఎక్కాం. అక్కడ కొత్తగా రూఫ్‌టాప్ రెస్టారెంట్ వచ్చింది. వాసన వస్తోందని ఇంటీరియర్ కాంట్రాక్టర్ నాలుగు షాఫ్టుల గాలి పైపుల పైచివర ఉండే కౌల్స్ తీసేసి, ఎండ్ క్యాపులు బిగించి, మీద చెక్క డెక్ పరిచేశాడు. డెక్ కోసి, క్యాపులు తీసి, పైపుల్ని రెస్టారెంట్ కప్పు దాటేలా పైకి లేపాం. ఆ సాయంత్రమే గుడగుడ ఆగిపోయింది, మర్నాడు వాసన లేదు. డెక్ కోసినందుకు రెస్టారెంట్ మేనేజర్ మాత్రం చాలా రోజులు మాతో మాట్లాడలేదు.